కూతురు రాసిన రెండు ఉత్తరాలు: తండ్రి ఖాతాలో ఆగని ఆటో డెబిట్ల కేసు

బ్యాంకు ఉద్యోగంలో ఎక్కువ కాలం క్లియరింగ్ విభాగంలో గడిపాను. పదవీ విరమణ తర్వాత తిరుపతిలో పింఛనుదారులు కలిసే ఒక గదిలో వారానికి రెండు పూటలు కూర్చుంటున్నాను. పాస్‌బుక్కులు పట్టుకుని వచ్చేవాళ్లకు అందులోని వరుసలు చదివి చెప్పడం, అవసరమైతే అర్జీ రాసిపెట్టడం నా పని. ఈ కేసును రాసి పెట్టుకోవడానికి కారణం ఒకటే. ఒకే కూతురు, ఒకే శాఖకు, ఒకే విషయం మీద రెండు ఉత్తరాలు ఇచ్చింది. మొదటిది పది రోజుల తర్వాత తిరిగి వచ్చింది, రెండోది పని చేసింది. ఊరు, బ్యాంకు, డబ్బు లాగిన సంస్థ పేర్లు ఇక్కడ రాయడం లేదు.

ఇంటి పరిస్థితి

తండ్రికి 74 ఏళ్లు. చిత్తూరు జిల్లాలో ఒక మండల కేంద్రంలో ఉంటారు. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు కాబట్టి ఊళ్లో అందరికీ ఆయన మాస్టారే. భార్య పోయి మూడేళ్లయింది. ఒక్కతే కూతురు, బెంగళూరులో ఉద్యోగం. పండుగలకు వచ్చి నాలుగు రోజులు ఉండి వెళుతుంది. పింఛను జమయ్యే ఖాతా మాస్టారి ఒక్కరి పేరు మీదే ఉంది. నెట్ బ్యాంకింగ్ లేదు. డెబిట్ కార్డు ఉంది, దానితో ఏటీఎంలో డబ్బు తీసుకోవడం తప్ప ఇంకేమీ చేసేవారు కాదు.

సంక్రాంతికి వచ్చిన కూతురు బీరువా సర్దుతూ పాస్‌బుక్ తిరగేసింది. ప్రతి నెలా 5వ తేదీన రెండు కోతలు. ఒకటి 999 రూపాయలు, పదకొండు నెలలుగా. రెండోది 1,499, ఆరు నెలలుగా. నెలనెలా 10వ తేదీన ఇంకో 2,000. "ఇవేమిటి నాన్నా?" అని అడిగితే ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఏదో ఆరోగ్య కార్డులే" అన్నారట. ఆ కార్డులు ఎప్పుడూ ఇంటికి రాలేదు.

జరిగింది మెల్లగా బయటికి వచ్చింది. పింఛనుదారులకు ఉచిత రక్త పరీక్షలు, ఆసుపత్రిలో రాయితీ అంటూ ఒక అమ్మాయి చక్కని తెలుగులో ఫోను చేసింది. "కార్డు పంపాలంటే మీ చిరునామా సరిచూడాలి, ఒక నంబరు వస్తుంది, చదవండి" అంది. కార్డు మీది అంకెలు అంతకు ముందే చెప్పించుకుంది. వచ్చిన సందేశం ఇంగ్లీషులో ఉంది. ఫోను చెవి దగ్గర ఉండగానే చదవాలి కాబట్టి ఆయన కళ్లు ఆరంకెల కోసమే వెతికాయి. పైన రాసి ఉన్నది నెలనెలా డబ్బు లాగుకోవడానికి ఇచ్చే అనుమతి అని గమనించలేదు. అయిదు నెలల తర్వాత అదే గొంతు మళ్లీ ఫోను చేసి రెండోది అంటగట్టింది.

నా దగ్గరికి రాకముందు చేసినవి

ఎవరైనా చేసే పనే ఆమె మొదట చేసింది. బ్యాంకు సేవా కేంద్రానికి ఫోను చేయించి డెబిట్ కార్డును బ్లాక్ చేయించింది. ఫిబ్రవరి 5న రెండు కోతలూ మళ్లీ పడ్డాయి.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ పొరపాటు దాదాపు ప్రతి కేసులోనూ చూస్తాను. మాస్టారి ఖాతా నుంచి డబ్బు కార్డు ద్వారా పోవడం లేదు. నాచ్ అనే వ్యవస్థ ద్వారా పోతోంది. దాన్ని నడిపేది జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్‌పీసీఐ. అందులో ఖాతాదారు ఒక్కసారి మ్యాండేట్ అనే అనుమతి ఇస్తే చాలు. డబ్బు వసూలు చేసే సంస్థ తన బ్యాంకు ద్వారా ప్రతి నెలా బిల్లు పెడుతుంది, మన బ్యాంకు కోసి పంపుతుంది. ఆ మొదటి అనుమతిని కార్డుతో ఇవ్వవచ్చు, నెట్ బ్యాంకింగ్‌తో ఇవ్వవచ్చు, ఆధార్ ఓటీపీతోనూ ఇవ్వవచ్చు. ఏ దారిన ఇచ్చినా, ఇచ్చాక మ్యాండేట్ ఖాతాకు అతుక్కుంటుంది. కార్డు ఆ రోజు సంతకం పెట్టిన కలం లాంటిది. కలం విరిచేస్తే రాసిన పత్రం చెల్లకుండా పోదు.

నిజంగా కార్డు మీద నడిచే ఆటో డెబిట్లు వేరే ఉన్నాయి. వాటికి కార్డు ఆపితే కోతలు ఆగుతాయి. ఏది ఏదో పాస్‌బుక్ చెబుతుంది. మాస్టారి పాస్‌బుక్‌లో ఆ వరుసలు `ACH D-` అని మొదలయ్యాయి. అది నాచ్ గుర్తు. దాని పక్కన సగంలో తెగిపోయిన ఒక పేరు ఉంది. అది ఆరోగ్య కార్డు సంస్థ పేరు కాదు, దాని తరఫున డబ్బు వసూలు చేసే మధ్యవర్తి సంస్థది. అందుకే కూతురు ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా రెండు పేర్లూ కలవలేదు.

రెండో ప్రయత్నంగా ఆమె ఆరోగ్య కార్డు సంస్థకు ఫోను చేసి గట్టిగా అడిగింది. మరుసటి రోజు వాళ్లు ఆమెను వదిలేసి నేరుగా మాస్టారికి ఫోను చేశారు. "సభ్యత్వం రద్దు చేస్తున్నాం సార్, ధ్రువీకరణకు ఒక నంబరు వస్తుంది" అన్నారు. కూతురికి మాట రాకుండా తానే తేల్చేద్దామనుకుని ఆయన చదివేశారు. అది ఆధార్ ఓటీపీ. కార్డు బ్లాకులో ఉన్నా నెలకు 749 రూపాయల మూడో మ్యాండేట్ పుట్టింది. ఫిబ్రవరి 7న మొదటి కోత పడింది.

మూడోది ఉత్తరం. ఫిబ్రవరి నడుమ ఆమె శాఖాధికారికి నాలుగు పేజీలు రాసి పంపింది. తండ్రి ఒంటరితనం, తల్లి మరణం, మోసగాళ్ల దుర్మార్గం, బ్యాంకు నిర్లక్ష్యం అన్నీ అందులో ఉన్నాయి. "మా నాన్నగారి ఖాతా నుంచి పోతున్న అన్ని ఆటో డెబిట్లనూ వెంటనే ఆపండి, పోయిన డబ్బు తిరిగి ఇవ్వండి" అని ముగించింది. పది రోజుల తర్వాత రెండు వాక్యాల జవాబు వచ్చింది. మీరు ఖాతాదారు కారు కాబట్టి మీ అభ్యర్థనపై చర్య తీసుకోలేం, మ్యాండేట్ రద్దు కోసం సంబంధిత సంస్థను సంప్రదించండి అని.

నాలుగోది కోపంలో చేసింది. మార్చి పింఛను పడగానే ఖాతాలో ఉన్నదంతా తండ్రి చేత విత్‌డ్రా చేయించింది, ఖాళీ ఖాతాలోంచి ఏం లాగుతారో చూద్దామని. మూడు మ్యాండేట్లూ తిరిగి వెళ్లాయి. 10వ తేదీ నాటి 2,000 కూడా తిరిగి వెళ్లింది. ఒక్కో దానికి బ్యాంకు 250 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, కలిపి 295 వేసింది. నాలుగింటికి 1,180. తర్వాతి పింఛను పడిన రోజే బ్యాంకు దాన్ని పట్టుకుంది. పైగా సంస్థ మనుషులు ఫోను చేసి, "బౌన్సు చేశారు, కేసు వేస్తాం" అని మాస్టారిని భయపెట్టారు. ఆ బెదిరింపు పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం, 2007లోని 25వ సెక్షన్ ప్రకారం, ఖాతాలో డబ్బు లేక ఎలక్ట్రానిక్ చెల్లింపు తిరిగి వెళితే చెక్కు బౌన్సు లాగే కేసుకు ఆస్కారం ఉంది. నిజంగా తీర్చవలసిన బాకీ ఉంటేనే అది నిలుస్తుంది కాబట్టి ఈ సంస్థ ఆ దారిన పోతుందని నేను అనుకోలేదు. కానీ రాత్రిపూట ఫోను ఎత్తే 74 ఏళ్ల మనిషికి ఆ తేడా ఎవరు చెబుతారు? ఖాతా ఖాళీ చేయడం నేను ఎవరికీ చెప్పని ఉపాయం.

మొదటి ఉత్తరం ఎందుకు తిరిగి వచ్చింది

మార్చి చివర తండ్రీ కూతుళ్లు కలిసి వచ్చారు. ఆమె ఆ నాలుగు పేజీల నకలు నా ముందు పెట్టి, "ఇందులో ఒక్క అబద్ధం లేదు సార్" అంది. నిజమే. అయినా శాఖాధికారి స్థానంలో నేను ఉన్నా దాని మీద ఏమీ చేయలేకపోయేవాణ్ణి.

మొదటి లోపం సంతకం. ఖాతా ఒక్కరి పేరు మీద ఉన్నప్పుడు కన్నకూతురు కూడా బ్యాంకు దృష్టిలో బయటి మనిషే. ఇది కఠినంగా కనిపిస్తుంది. కానీ కూతురి మాట మీద చెల్లింపులు ఆపే బ్యాంకు, రేపు ఆస్తి తగాదాలో ఉన్న కొడుకు మాట మీదా ఆపవలసి వస్తుంది.

రెండోది "అన్ని ఆటో డెబిట్లూ" అన్న మాట. మ్యాండేట్లను ఆపే గుమస్తాకు ఒక్కోదానికీ యూఎంఆర్ఎన్ అనే ఇరవై అక్షరాల గుర్తింపు సంఖ్య కావాలి. అది లేకుండా కంప్యూటర్‌లో ఏది నొక్కాలో తెలియదు. పైగా అన్నీ ఆపితే ఆపకూడనిది కూడా ఆగుతుంది. ఆ 10వ తేదీ 2,000 గురించి నేను అడిగాను. కూతురు అదీ మోసమే అంది. మాస్టారు కాసేపు కిటికీ వైపు చూసి, "అది నేనే పెట్టాను. చిన్నదాని కోసం మ్యూచువల్ ఫండ్. పెళ్లినాటికి చెబుదామనుకున్నా" అన్నారు. చిన్నదంటే మాస్టారి మనవరాలు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పటివరకు ఏ కోత ఏమిటో ఆయన్ని వరుసగా కూర్చోబెట్టి ఎవరూ అడగలేదు, అందరూ తప్పు పట్టడానికే అడిగారు.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరమైనది, మూడో పేజీలో ఒకే వాక్యంగా ఉంది: "మా నాన్నగారికి మతి సరిగా లేదు, ఏం చేస్తున్నారో ఆయనకు తెలియదు." జాలి కలగాలని ఆమె రాసింది. ఆ మాటను బ్యాంకు నిజంగా పట్టించుకుంటే, ఖాతాదారు సంతకానికి విలువ లేదని తేలుతుంది. అప్పుడు పింఛను ఖాతాలో లావాదేవీలే నిలిచిపోవచ్చు, తెరిపించడానికి సంరక్షకుల నియామకం కోసం కోర్టుకు వెళ్లవలసి రావచ్చు. మాస్టారికి వినికిడి కొద్దిగా తగ్గింది, అంతే. నా ముందే మూడు మ్యాండేట్ల మొత్తాలు నోటితో కూడి చెప్పారు. ఆ వాక్యాన్ని ఆయన చదవలేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను.

రెండో ఉత్తరం

నేను రెండు కాగితాలు ఉండాలన్నాను. ఆపమని ఆదేశించేది తండ్రి. ఏం జరిగిందో చెప్పేది, తర్వాత మాట్లాడేది కూతురు. ఆదేశం ఒకటిన్నర పేజీలు దాటితే ఎవరూ చదవరు, మొత్తం కథ అందులో పెడితే ఆదేశం కథలో మునిగిపోతుంది.

ముందు సంఖ్యలు సంపాదించాలి. ఏప్రిల్ 1న బ్యాంకుల్లో ఖాతాల ముగింపు, కౌంటర్లు పనిచేయవు. 2వ తేదీ ఉదయం ముగ్గురం శాఖకు వెళ్లాం. మాస్టారు స్వయంగా అడిగితే ఆయన ఖాతా మీద నమోదైన మ్యాండేట్ల జాబితా ముద్రించి ఇచ్చారు. నాలుగు వరుసలు. మొదటిదాన్ని చదువుతూ మాస్టారు వేలు ఆపారు. నెలకు కోస్తున్నది 999, కానీ గరిష్ఠ పరిమితి అనే గడిలో 15,000 ఉంది. ఎన్నిసార్లు అనే చోట నెలకు ఒకసారి అని లేదు, ఎప్పుడు బిల్లు పెడితే అప్పుడు అని ఉంది. గడువు ఇంకో ఇరవై ఏళ్లు. "నాకు తొంభై నాలుగు వచ్చేదాకానా?" అన్నారు. లెక్కల మాస్టారికి మోసం అప్పుడు అంకెల్లో కనిపించింది.

తండ్రి ఆదేశంలో ఖాతా సంఖ్య, మూడు యూఎంఆర్ఎన్‌లు, ఒక్కోదాని మొత్తం, వాటిని నేటి నుంచి రద్దు చేయాలన్న వాక్యం, నాలుగో మ్యాండేట్ కొనసాగాలన్న వాక్యం, తేదీ, సంతకం. అంతే. దాని వెనక జత చేసిన కూతురి ఉత్తరం ఇలా ఉంది:

> శాఖాధికారి గారికి,
>
> ఖాతాదారు అయిన మా నాన్నగారు తమ సంతకంతో మూడు నాచ్ మ్యాండేట్ల రద్దుకు ఇచ్చిన ఆదేశానికి ఈ ఉత్తరం జత చేస్తున్నాను. ఈ విషయంలో నాతో మాట్లాడడానికి, జవాబు నాకు పంపడానికి ఆయన అనుమతి ఇచ్చారు. ఆ అనుమతి పత్రం ఇందులో ఉంది. ఖాతా నిర్వహించే అధికారం నేను అడగడం లేదు.
>
> ఈ మూడు మ్యాండేట్లూ ఫోనులో అమ్మకాలు చేసేవారు అసలు విషయం చెప్పకుండా, చిరునామా సరిచూడడానికి అని ఒకసారి, సభ్యత్వం రద్దుకు అని మరోసారి ఓటీపీ చెప్పించుకుని నమోదు చేసినవి. మూడోదాన్ని కార్డు బ్లాక్ చేశాక ఆధార్ ఓటీపీతో తెరిచారు. వీటికి బదులుగా ఏ కార్డూ, ఏ సేవా అందలేదు. తేదీలు, మొత్తాలు జాబితాలో ఉన్నాయి.
>
> ఖాతాదారు నేరుగా తన బ్యాంకుకు ఇచ్చే రద్దు ఆదేశానికి వసూలు చేసే సంస్థ అంగీకారం అవసరం లేదు. చెక్కు చెల్లింపు ఆపమన్న ఆదేశం లాంటిదే ఇది. ఈ ఉత్తరం అందిన తర్వాత పై మూడింటిపై ఏదైనా కోత పడితే ఆ మొత్తాన్ని తిరిగి జమ చేయాలని కోరుతున్నాం. పాత కోతల గురించి ఫిర్యాదు సంఖ్య ఇచ్చి, 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.

తిట్టు లేదు, కన్నీరు లేదు. ఆమెకు ఇది మొదట నచ్చలేదు, "మరీ పొడిగా ఉంది సార్" అంది. 30 రోజులన్న మాటకు అర్థం శాఖాధికారికి తెలుసు. ఆలోగా జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. బెదిరింపుగా రాయనక్కర్లేదు. ఆ మేనేజరుకు తెలుగు రాదు, మ్యాండేట్లు రద్దు చేసే విభాగం వేరే నగరంలో ఉంది. అందుకని ఇంగ్లీషు ప్రతి కూడా జత చేశాం.

అనుకోని అడ్డంకి కౌంటర్ దగ్గర వచ్చింది. మాస్టారి చేయి కొద్దిగా వణుకుతుంది. ఖాతా తెరిచినప్పటి నమూనా సంతకం బ్లాక్‌బోర్డు మీద చాక్‌పీసుతో గీసినంత నిటారుగా ఉంది, ఇప్పటిది వాలిపోయింది. గుమస్తా స్క్రీన్ చూసి తల అడ్డంగా ఊపాడు. మూడుసార్లు పెట్టించాడు, మూడూ వేరువేరుగా వచ్చాయి. అక్కడే ఆగిపోతే ఉత్తరం ఎంత బాగున్నా వృథా. అధికారి సమక్షంలో పెట్టిన సంతకంగా ధ్రువీకరించమని, అదే రోజు కొత్త నమూనా సంతకం కూడా తీసుకోమని అడిగాను. ఆధార్ చూసి తీసుకున్నారు. అందుకే ఇలాంటి ఆదేశాన్ని కొరియర్‌లో పంపవద్దంటాను. శాఖకు రాలేని, 70 దాటినవారికి బ్యాంకు మనిషే ఇంటికి వచ్చే సదుపాయం ఉంది, దాన్ని అడగాలి.

"సంస్థ దగ్గరే రద్దు చేయించుకోండి" అన్న మాట గుమస్తా మళ్లీ అన్నాడు. ఉత్తరంలో ఆ పేరా చూపించాం. లోపలికి వెళ్లి వచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేసి ఇచ్చాడు. మా ఫైలులో అతి విలువైన కాగితం అదే.

ఏమి ఆగింది, ఏమి తిరిగి వచ్చింది

ఏప్రిల్ 5న మొదటి రెండు కోతలూ మళ్లీ పడ్డాయి. కూతురు ఏడుస్తూ ఫోను చేసింది. రద్దు ఆ విభాగానికి చేరి నమోదయ్యేలోపే బిల్లు వచ్చి ఉంటుందని నేను అనుకున్నాను. ముద్ర మీద తేదీ 2 కాబట్టి, ఆ 2,498 రూపాయలు అడగడానికి మాకు గట్టి ఆధారం ఉంది. తొమ్మిది రోజుల తర్వాత బ్యాంకు తిరిగి జమ చేసింది. 7వ తేదీ 749 బిల్లు మాత్రం మ్యాండేట్ రద్దయిందన్న కారణంతో వెనక్కి వెళ్లింది, ఛార్జీ పడలేదు. మే నెలలో ఏ కోతా లేదు.

పాత కోతల విషయంలో నేను ముందే ఆశ తగ్గించాను. ఫిబ్రవరి దాకా పోయింది 23,230 రూపాయలు. ఖాతాదారుకు తెలియకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీని మూడు పనిదినాల్లో చెబితే పూర్తి రక్షణ అని రిజర్వ్ బ్యాంక్ 2017లో ఆదేశం ఇచ్చింది. కానీ ఖాతాదారే ఓటీపీ చెప్పినప్పుడు, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం ఆయనదే అని కూడా అదే ఆదేశం అంది. బ్యాంకు అదే జవాబు ఇచ్చింది. నేను దాన్ని సవాలు చేయమనలేదు. బౌన్సు ఛార్జీలు 1,180 కూడా ఇవ్వలేదు.

సంస్థ మీద ఒత్తిడి వేరే దారిన పెట్టాం. మ్యాండేట్ రద్దయితే డబ్బు లాగడం ఆగుతుంది కానీ "మీరు మా సభ్యులు, బాకీ ఉన్నారు" అనే వాదన ఆగదు. అందుకే సభ్యత్వాన్ని అంగీకరించడం లేదని మాస్టారి పేరుతో సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయించాను. సైబర్ నేరాల 1930కి కూడా చెప్పాం. అయితే అక్కడ డబ్బును దారిలో పట్టుకునే అవకాశం ఫిర్యాదు గంటల్లో అందినప్పుడే ఎక్కువ. ఏడాది కిందటి కోతలకు అది రికార్డు కోసమే. హెల్ప్‌లైన్ ఫిర్యాదు తర్వాత సంస్థ మాస్టారి గొంతు రికార్డు ఒకటి పంపింది. అందులో ఆయన మూడుసార్లు "సరే అమ్మా" అంటారు, దేనికి సరేనో వినిపించదు. చివరికి మూడో మ్యాండేట్ 749, రెండోదాని మూడు నెలల సొమ్ము 4,497 వెనక్కి ఇచ్చారు. బౌన్సు ఛార్జీలతో కలిపి మిగిలిన 19,164 పోయినట్టే.

తర్వాత ఏం చేయాలన్నది మాస్టారే తేల్చారు. అదే శాఖలో రెండో ఖాతా తెరిచి, ఇంటి ఖర్చుకు కావలసింది నెలనెలా అందులోకి మారుస్తున్నారు. కార్డు ఆ ఖాతాకే తీసుకున్నారు. పింఛను ఖాతాకు కార్డు లేదు. ఆధార్ ఓటీపీ దారి మాత్రం దీనితో మూసుకుపోలేదు, అందుకే ప్రతి నెలా పాస్‌బుక్ ప్రింటు వేయించుకుంటున్నారు. కూతురు ఉమ్మడి ఖాతా అడిగింది, ఆయన ఇంకా ఒప్పుకోలేదు. నేను కల్పించుకోలేదు.

జూన్‌లో పాస్‌బుక్ ప్రింటు వేయించుకుని నా దగ్గరికి తెచ్చారు. 5వ తేదీ దగ్గర ఏమీ లేదు. 10వ తేదీ 2,000 వరుస పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టి ఉంది, పరీక్ష పేపరు దిద్దినట్టు.